ఆర్గానిక్ వర్క్‌షీట్ జవాబులు, ఏ పేరు ఏ రూల్‌తో వచ్చిందో సహా

అమ్మడూ, నీ ఫోటో అందింది. మూడో ప్రశ్న మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడి ఒక అంకె కనపడటం లేదు, కింద అంచున నీ వేలి నీడ పడింది, అయినా పదకొండూ చదవగలిగాను. పేర్లు కొన్ని నువ్వే రాశావు, ‘వాడిన నియమం’ గడి మాత్రం అన్నిటికీ ఖాళీగా వదిలేశావు. అసలు పని ఆ గడిలోనే ఉంది, అందుకే అన్నీ మొదటి నుంచి రాస్తున్నా.

ముందు ఫార్ములా చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. బ్రాకెట్లో ఉన్నది దాని ఎడమ పక్క కార్బన్‌కు వేలాడుతుంది, ఒంగోలు నుంచి నెల్లూరు పోయే హైవేలో సింగరాయకొండ దగ్గర కందుకూరు రోడ్డు చీలినట్టు. ఫార్ములా మొదట్లోనే (CH3)3 అని వస్తే మాత్రం ఆ మూడూ దాని తర్వాత ఉన్న కార్బన్‌వి. ఏ కార్బన్‌కైనా బంధాలు నాలుగే, అనుమానం వచ్చిన ప్రతిచోటా అది లెక్కపెట్టుకో.

1) CH3CH(CH3)CH2CH3. నాలుగు కార్బన్ల చైన్, కాబట్టి బ్యూటేన్. కొమ్మ ఎడమ నుంచి 2, కుడి నుంచి 3, చిన్నదే తీసుకుంటాం: 2-మిథైల్ బ్యూటేన్. నియమం: అతి పొడవైన చైన్, ప్రతిక్షేపకానికి కనిష్ఠ సంఖ్య.

2) CH3CH(C2H5)CH2CH3. నువ్వు 2-ఇథైల్ బ్యూటేన్ అని రాశావు, క్లాసులో చాలామంది అదే రాసుంటారు, ఎందుకంటే కన్ను గీతలాగా తిన్నగా పోతుంది. కాగితం మీద తిన్నగా ఉన్నదే చైన్ అని ఎవరూ చెప్పలేదు. బ్రాకెట్లోని C2H5 కొసనుంచి మొదలుపెట్టి ఆ CH మీదుగా కుడి చివరకు పోయి చూడు, అయిదు కార్బన్లు వస్తాయి, ఎడమ పక్క CH3 కొమ్మగా మిగులుతుంది. జవాబు 3-మిథైల్ పెంటేన్. నియమం: అతి పొడవైన చైన్‌ను బ్రాకెట్లలోకి కూడా వెళ్ళి వెతకాలి. ఇది గుర్తుంటే ఇంకో మాట కూడా తెలుస్తుంది: రెండో కార్బన్ మీద ఇథైల్ కూర్చున్న ఆల్కేన్ పేరు ఎక్కడ కనపడ్డా అది తప్పు పేరే.

3) CH3CHBr, తర్వాత CH పక్కన అంకె మెరిసిపోయింది, తర్వాత CHClCH3. అది 2 గానీ 3 గానీ కావాలి. 3 అయితే మూడు హైడ్రోజన్లు, అటొక కార్బన్, ఇటొక కార్బన్, మొత్తం అయిదు బంధాలు, కుదరదు. కాబట్టి CH2, ఫార్ములా CH3CHBrCH2CHClCH3. ఇప్పుడు ఎటునుంచి లెక్కపెట్టినా 2, 4 అనే వస్తుంది, అట్టాంటప్పుడు ఇంగ్లీషు అక్షరక్రమంలో ముందొచ్చే దానికి చిన్న సంఖ్య ఇస్తాం: 2-బ్రోమో-4-క్లోరోపెంటేన్. నియమం: రెండు వైపులా సంఖ్యలు సమానమైతే అక్షరక్రమం. బ్రోమిన్ బరువెక్కువ, చర్య ఎక్కువ లాంటి కారణాలు రాయొద్దు, వాటికీ దీనికీ సంబంధం లేదు.

4) (CH3)3CCH2CH(CH3)2. ఎడమ నుంచి 2,2,4, కుడి నుంచి 2,4,4. మొదటి అంకె రెండిట్లో ఒకటే, రెండో అంకె దగ్గర 2 కంటే 4 పెద్దది, అక్కడే తేలిపోయింది: 2,2,4-ట్రైమిథైల్ పెంటేన్. నియమం: మొదటి తేడా వచ్చిన చోట చిన్న సంఖ్య ఉన్న వరసే గెలుస్తుంది. సంఖ్యలు కూడి చూడమని చెప్పేవాళ్ళుంటారు, ఆ లెక్క కొన్నిచోట్ల మోసం చేస్తుంది, అలవాటు చేసుకోకు. పెట్రోలుకు ఆక్టేన్ నంబర్ అంటారు చూడు, ఆ కొలతలో 100 ఇచ్చింది ఈ పదార్థానికే, సున్నా ఏమో తిన్నని చైన్ ఉన్న హెప్టేన్‌కు.

5) CH3CH2CH(CH3)CH(C2H5)CH2CH2CH3. ఏడు కార్బన్లు. ఎడమ నుంచి 3,4, కుడి నుంచి 4,5, కాబట్టి ఎడమే. పేరులో ఇథైల్ ముందు, మిథైల్ తర్వాత: 4-ఇథైల్-3-మిథైల్ హెప్టేన్. నియమం: సంఖ్యలు తేలాక పేర్లు అక్షరక్రమంలో రాయాలి, సంఖ్యల వరసలో కాదు. డై, ట్రై లాంటివి అక్షరక్రమంలో లెక్కకు రావు.

6) CH2=C(C2H5)CH2CH2CH3. దీని మీద గొడవ ఉంది. మీ పుస్తకం పద్ధతిలో ద్విబంధం చైన్ లోపలే ఉండాలి, అప్పుడు అయిదు కార్బన్లు, జవాబు 2-ఇథైల్ పెంట్-1-ఈన్. ద్విబంధాన్ని పక్కనపెడితే ఆరు కార్బన్ల చైన్ దొరుకుతుంది, 2013 ఐయూపాక్ సిఫార్సుల ప్రకారం పొడవుకే పెద్దపీట, అందుకని 3-మిథైలిడీన్ హెక్సేన్ అవుతుంది. నెట్‌లో ఆ పేరు కనపడితే టెన్షన్ పడకు. పరీక్షలో పుస్తకం పేరే రాయి, నియమం: ద్విబంధం ఉన్న అతి పొడవైన చైన్, ద్విబంధానికి కనిష్ఠ సంఖ్య.

7) రెండున్నాయి. ఎ) CH2=CHCH2C≡CH, బి) CH3CH=CHC≡CH. ద్విబంధం, త్రిబంధం రెండూ ఉన్నప్పుడు ఎవరు గొప్ప అని ముందే తేల్చేస్తారు పిల్లలు, అలా చేయకూడదు. ముందు రెండిటికీ కలిపి చిన్న వరస చూడాలి. బి లో ఎడమ నుంచి 2,4, కుడి నుంచి 1,3, కాబట్టి కుడే, త్రిబంధానికి 1 వచ్చినా సరే: పెంట్-3-ఈన్-1-ఐన్. ఎ లో ఎటు చూసినా 1,4, సమానమైంది కాబట్టి అప్పుడు మాత్రమే ద్విబంధానికి చిన్న సంఖ్య: పెంట్-1-ఈన్-4-ఐన్. పేరులో మాత్రం ఎప్పుడూ ఈన్ ముందు, ఐన్ చివర.

8) CH3CH(OH)CH2CHO. CHO అంటే ఆల్డిహైడ్, దాని కార్బన్ కూడా చైన్‌లోదే, 1 దానికే. OH కంటే CHO కు ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి OH కు చివర ఓల్ రాదు, ముందు హైడ్రాక్సీ వస్తుంది: 3-హైడ్రాక్సీబ్యూటనాల్. ఈ చివరి ‘నాల్’ ఆల్డిహైడ్‌ది, ఇంగ్లీషులో -al అని రాస్తావు, -ol రాశావంటే మార్కు పోతుంది. ఆల్డాల్ అని దీనికే పాత పేరు.

9) CH3COCH2CH2COOH. మధ్యలో CO అని ఉంటే ఆక్సిజన్ చైన్‌లో ఇరుక్కుందనుకోకు, అది కార్బన్‌కు ద్విబంధంతో పైన ఉంటుంది, అంటే కీటోన్. ఆమ్లం అన్నిటికంటే పైన, కీటోన్ ఆక్సో అయిపోతుంది: 4-ఆక్సోపెంటనోయిక్ ఆమ్లం. 8, 9 రెండిటికీ నియమం ఒకటే: ప్రధాన ప్రమేయ సమూహమే పేరు చివర, మిగతావి పేరు ముందు.

10) CH3CH2CN. ప్రొపేన్‌నైట్రైల్, ఇథేన్ కాదు. నియమం: CN లో కార్బన్ కూడా చైన్ లెక్కలోకి వస్తుంది. ఇథైల్ సయనైడ్ అన్నప్పుడు మాత్రం అది రాదు.

11) CH3CH2COOCH3. ఆక్సిజన్‌కు అంటుకున్న వైపు ముందు చెప్పాలి, అది మిథైల్. C=O ఉన్న వైపు మూడు కార్బన్లు, ప్రొపనోయేట్. మిథైల్ ప్రొపనోయేట్. నువ్వు ఇథైల్ ఇథనోయేట్ రాశావు, దాని ఫార్ములా CH3COOCH2CH3, రెండూ C4H8O2 కాబట్టి ఫార్ములా కూడి సరిచూసినా ఆ తప్పు బయటపడదు.

వెనక పేజీ ఫోటో రాలేదు, ఎమీన్లు అందులో ఉన్నట్టున్నాయి. లైటు ఆపి కిటికీ దగ్గర పెట్టి తీసి పొద్దున్నే పంపు, నేను కావలి బస్సు ఎక్కేలోపు చూస్తా.