విషయం: సీడ్ ప్రొడక్షన్ ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టుకు ఎప్పుడు అప్లై చేయమంటారు?

అయిజ,
9 డిసెంబర్ 2024

ప్రొడక్షన్ మేనేజర్ గారికి,

నమస్తే సర్. నేను మద్దిలేటిని. అక్టోబర్‌లో మీరు గద్వాల జిల్లా పత్తి సీడ్ ప్లాట్లు చూడడానికి వచ్చినప్పుడు అయిజ దగ్గర కలిశాను. ఆడ మొక్కల సాళ్లలో నిలబడి "ఇక్కడ కేళీలు ఎవరు తీయించారు?" అని మీరు అడిగితే, రైతు చూపించింది నన్నే.

పోయిన వారం ఫోన్ చేస్తే, హెడ్డాఫీసు కొత్త నియామకాలు ఆపేసిందనీ, మళ్లీ చూద్దామనీ చెప్పారు. ఉన్న మాట సూటిగా చెప్పినందుకు సంతోషం సర్. ఉద్యోగం కోసం ఇంకోసారి పట్టుబట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ "మళ్లీ" సుమారుగా ఎప్పుడో తెలిస్తే చాలు, అప్పటిదాకా మిమ్మల్ని కదిలించను.

నా లెక్క ఇలా ఉంది. ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆర్థిక సంవత్సరం. ఆ తర్వాత కొద్ది వారాలకే రైతులకు ఫౌండేషన్ సీడ్ ఇవ్వడం, ప్లాట్లు ఎంపిక చేయడం మొదలవుతాయి. ఆ పనికి మనుషులు కావాలంటే పేర్లు మార్చిలోనే చూసుకుంటారేమో అనిపించింది. అందుకే మార్చి మొదటి వారంలో అప్లై చేద్దామనుకుంటున్నాను. అది సరైన సమయమేనా, లేక కొత్త బడ్జెట్ వచ్చేదాకా ఆగమంటారా? ఇంకో చిన్న సందేహం. జూన్‌లో మీ వెబ్‌సైట్‌లో ఒకసారి అప్లికేషన్ పెట్టాను. అది ఇంకా లెక్కలో ఉంటుందా, కొత్తగా పెట్టాలా?

మార్చి అని అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. వచ్చే సీజన్‌కు ఉంటానో లేదో మా ఆర్గనైజర్‌కు ఉగాదిలోపు చెప్పాలి. ఈసారి ఉగాది మార్చి 30న. మీకు రాస్తున్నట్టు ఆయనకు తెలుసు, దాచిపెట్టి చేస్తున్నది కాదు. మీవైపు నుంచి మార్చిలోపు ఏమీ తేలదంటే అదే చెప్పండి, నేనేమీ అనుకోను. ఇంకో సీజన్ ఇక్కడే చేసి, వచ్చే ఏడాది మీకు రాస్తాను.

నా గురించి రెండు మాటలు. సీడ్ టెక్నాలజీలో రెండేళ్ల డిప్లొమా చేశాను. మూడు సీజన్లుగా ఇక్కడే పని. ఈసారి 22 మంది రైతులు, 41 ఎకరాలు నా చేతిలో ఉన్నాయి. ప్రతి ప్లాటుకూ ఒక నోట్‌బుక్ రాస్తాను. క్రాసింగ్ ఆపిన రోజు, ఆ తర్వాత ఆడ మొక్కల మీద వచ్చిన మొగ్గలూ పూలూ ఎప్పుడెప్పుడు తుంచారు, ఎంతమంది కూలీలు వచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. క్రాసింగ్ అయిపోగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు గానీ, సెల్ఫ్ కాయలు పడేది ఆ రోజుల్లోనే కదా సర్. ఒక ప్లాటు పేజీలు ఫొటో తీసి రెజ్యూమెతో పాటు జత చేశాను. చేతిరాత కొంచెం గజిబిజిగా ఉంటుంది.

నేను రోజూ ఫోన్ చేసే రకం కాదు. నిజం చెప్పాలంటే ఒకప్పుడు ఆ రకమే. రెండేళ్ల కింద ఇంకో కంపెనీ ఆఫీసుకు వారానికి మూడుసార్లు చేసేవాణ్ని. నెల తిరిగేసరికి నా నంబర్ చూసి ఫోన్ ఎత్తడం మానేశారు. వాళ్ల తప్పేమీ లేదు. అందుకని ఈసారి పద్ధతి మార్చుకున్నాను. మీ దగ్గర్నుంచి జవాబు వస్తే మీరు చెప్పిన తేదీకే అప్లై చేస్తాను. రాకపోతే జీవోటీ ఫలితాలు తెలిశాక ఒకే ఒక మెయిల్ పెడతాను. నడుమ ఫోన్లు, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు ఉండవు.

తీరిక దొరికినప్పుడు ఒక్క లైను రాసినా చాలు సర్.

నమస్కారాలతో,
మద్దిలేటి

——

విషయం: జీవోటీ ఫలితాలు వచ్చాయి (డిసెంబర్ 9 ఉత్తరానికి కొనసాగింపు)

3 మార్చి 2025

నమస్తే సర్,

డిసెంబర్‌లో రాస్తానన్న మెయిల్ ఇదే. మా 22 ప్లాట్లలో 21 జీవోటీ పాసయ్యాయి. ఒకటి పోయింది. నోట్‌బుక్ తిరగేస్తే కారణం దొరికింది. క్రాసింగ్ ఆపాక కూలీలు దొరక్క ఆ చేలో తొమ్మిది రోజులు మొగ్గలు తుంచలేదు. ఆ విషయం నేను నాలుగో రోజే రాసుకున్నాను గానీ, పక్క ఊరి నుంచి మనుషుల్ని తెప్పించాల్సింది, తెప్పించలేదు. ఆ రైతు ముఖం చూడాలంటే ఇప్పటికీ కష్టంగా ఉంది. ఈసారి క్రాసింగ్ ఆపే రోజుకే ఆఖరి విడత కూలీలను మాట్లాడి పెట్టుకోవాలని రైతులను ఒప్పించాను.

మీ దగ్గర నియామకాలు ఇంకా ఆగే ఉన్నాయని విన్నాను. అందుకే ఇప్పుడు అప్లై చేయను. తెరిచారని తెలిసిన రోజే వెబ్‌సైట్‌లో పెట్టి, మీకు ఒక లైను రాస్తాను. ఉగాదికి ఆర్గనైజర్‌కు "ఉంటాను" అనే చెప్పబోతున్నాను. మే నెలలో మీరు ప్లాట్లు చూడడానికి ఇటు వస్తే చేలోనే కనిపిస్తాను సర్.

మద్దిలేటి