విషయం: యాంగ్జైటీ డిజార్డర్ కారణంగా పనిలో కొన్ని సర్దుబాట్ల కోసం వినతి

తేదీ: 9 జూన్ 2025

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

నమస్కారం.

నేను బిల్లింగ్ రీకన్సిలియేషన్ టీమ్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఏప్రిల్ 24న సైకియాట్రిస్ట్ నన్ను పరీక్షించి, నాకున్నది జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అని, దాంతోపాటు అప్పుడప్పుడూ పానిక్ అటాక్‌లు కూడా వస్తున్నాయని నిర్ధారించారు. అప్పటి నుంచి మందులు వాడుతున్నాను, కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాను. చికిత్స సాగినన్నాళ్లూ పనిచేసే పద్ధతిలో కొన్ని మార్పులు కావాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. డాక్టర్ సర్టిఫికెట్ జతచేశాను.

ఒక మాట ముందే చెప్తాను. పని తగ్గించమని అడగడం లేదు. నెలాఖరు క్లోజింగ్‌లో నా వాటా ఇన్‌వాయిస్‌లు నాకే ఉండనివ్వండి. లెక్క తేలని ఎంట్రీలను గంటలకొద్దీ కూర్చుని వెతకడం నాకు కష్టం కాదు, నిజానికి అప్పుడే మనసు కాస్త కుదురుగా ఉంటుంది. నాకు కష్టమయ్యేది హఠాత్తుగా వచ్చిపడేవి. నేను అడుగుతున్నవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

హఠాత్తు అంటే ఏమిటో ఒక ఉదాహరణ. చాట్‌లో "ఒకసారి రండి, మాట్లాడాలి" అని మెసేజ్ వస్తుంది. పంపినవారికి అది మూడు పదాల పని. చాలాసార్లు తీరా వెళ్తే, ఏదో ఫైల్ ఎక్కడుందో అడగడానికే. కానీ ఆ మెసేజ్ చూసిన క్షణం నుంచి వాళ్ల డెస్క్ దగ్గరికి వెళ్లేలోపు, ఉద్యోగం పోతోందన్న దగ్గర్నుంచి ఏ క్లయింట్‌కు తప్పు బిల్లు వెళ్లిందో అన్న వరకు అన్నీ నా బుర్రలో తిరిగేస్తాయి. మౌస్ మీద చెయ్యి చల్లబడుతుంది. స్క్రీన్ మీద అంకెలు కనిపిస్తూనే ఉంటాయి, చదవడం మాత్రం కుదరదు. తిరిగొచ్చి కూర్చున్నాక మళ్లీ పని అందుకోవడానికి అరగంట పైనే పడుతుంది. రోజుకు ఇలాంటివి మూడు వస్తే మధ్యాహ్నం అంతా పోయినట్టే.

మార్చిలో క్లయింట్ రివ్యూ కాల్‌లో జరిగింది మీ దాకా వచ్చే ఉంటుంది. అజెండాలో లేని ప్రశ్న ఒకటి అడిగి, స్క్రీన్ షేర్ చేసి అప్పటికప్పుడు చూపించమన్నారు. గుండె దడ, ఊపిరి అందకపోవడం, చేతులు తిమ్మిరెక్కడం అన్నీ ఒక్కసారే వచ్చాయి. కాల్ మధ్యలోనే లేచి మెట్ల దగ్గరికి వెళ్లిపోయాను. గుండెపోటేనేమో అనుకున్నాను. పానిక్ అటాక్ సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే తారస్థాయికి చేరి తర్వాత నెమ్మదిస్తుందని, ప్రాణం తీసేది కాదని నాకు డాక్టర్ దగ్గరికి వెళ్లాకే తెలిసింది. ఆ రోజు తెలియదు. తిరిగొచ్చాక నాకు వినిపించిన మాట, "ఇంత చిన్నదానికి టెన్షన్ పడితే ఎలా?" అన్నవారి మీద ఫిర్యాదు లేదు, చాలామంది అలాగే అంటారు. కానీ ఇది టెన్షన్ కాదు. టెన్షన్ కారణంతో వస్తుంది, కారణంతోపాటు పోతుంది. ఇది ఆర్నెల్లకు పైగా, కారణం ఉన్నా లేకపోయినా, నిద్రను, ఏకాగ్రతను తినేస్తూ వచ్చింది. ఏప్రిల్‌లో జీఏడీ-7 అనే ప్రశ్నావళిలో నాకు 21కి 16 వచ్చింది. 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తీవ్రంగా ఉన్నట్టు లెక్క. పోయిన వారం 11 వచ్చింది. తగ్గుతోంది, ఇంకా తగ్గాలి.

ఇక అడుగుతున్నవి.

అన్నిటికంటే ముఖ్యమైనది, అసలు ఖర్చే లేనిది: నన్ను పిలిచేటప్పుడు విషయం ఏమిటో ఒక్క వాక్యం రాయడం. "జూన్ క్రెడిట్ నోట్ గురించి, 10 నిమిషాలు, అర్జెంట్ కాదు" అని ఉంటే చాలు. నిజంగా అర్జెంట్ అయితే అర్జెంట్ అనే రాయండి, పర్వాలేదు. ఏమిటో తెలిశాక నాకు భయం ఉండదు, తెలియకపోవడమే భయం. నా పనిలో తప్పు గురించి మాట్లాడాల్సి వచ్చినా ఇదే పద్ధతి కావాలి. తప్పులు చెప్పవద్దని కాదు, ఏ తప్పో ముందు రాసి తర్వాత పిలవమని. ఉదయం టీమ్ మీటింగ్‌లో కూడా, ఎవరిని ఏం అడుగుతారో అంతకు పావుగంట ముందు చాట్‌లో పెడితే నాకు సరిపోతుంది. ఇది టీమ్‌లో మిగతావాళ్లకూ నచ్చుతుందని నా అనుమానం.

రెండోది నా సీటు. ఇప్పుడు కాన్ఫరెన్స్ రూమ్ తలుపు ముందు కూర్చుంటున్నాను, వీపు నడవా వైపు. వచ్చేపోయే ప్రతి ఒక్కరూ నా వెనకనుంచే వెళ్తారు, తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల దానంతటదే తిరుగుతుంది. మూడో వరుస చివర, గోడకు ఆనుకుని ఉన్న సీటు ఫిబ్రవరి నుంచి ఖాళీగానే ఉంది. అది ఇస్తే అదే రోజు మారిపోతాను.

కౌన్సెలింగ్ ప్రతి గురువారం సాయంత్రం 4 గంటలకు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు, మొత్తం 12 సెషన్లు, నాలుగు అయ్యాయి. మిగిలిన ఎనిమిది వారాలు గురువారాల్లో 3:15కి బయల్దేరాలి. ఆ సమయానికి బదులు బుధ, గురువారాల్లో ముందుగా వచ్చి పనిచేస్తాను. ఇన్నాళ్లూ ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పి పర్మిషన్ తీసుకున్నాను. అబద్ధం చెప్పినందుకు ఆ రోజంతా మళ్లీ ఆందోళన. ఈ ఉత్తరానికి అది కూడా ఒక కారణం.

అటాక్ వస్తున్నట్టు అనిపించినప్పుడు, ఎవరినీ అడగకుండా పది, పదిహేను నిమిషాలు లేచి వెళ్లే వెసులుబాటు కావాలి. టీమ్ లీడ్‌కు చాట్‌లో "బ్రేక్" అని ఒక్క మాట పెడతాను. దానికి జవాబు అక్కర్లేదు, వెనకాలే ఎవరూ రానక్కర్లేదు. "ఏమైంది, నీళ్లు తాగుతావా" అని నలుగురు చుట్టూ మూగడం ప్రేమతోనే అని తెలుసు, కానీ అప్పుడు అది ఊపిరి ఇంకా బిగిసేలా చేస్తుంది.

క్లయింట్ రివ్యూ కాల్స్ గురించి కొంచెం వివరంగా రాయాలి. నన్ను వాటినుంచి పూర్తిగా తప్పించమని మొదట అడుగుదామనుకున్నాను. మా థెరపిస్ట్ వద్దన్నారు. భయపడేదాన్నుంచి పూర్తిగా తప్పుకుంటే ఆ పూటకు హాయిగా ఉంటుందట, భయం మాత్రం లోపల పెరుగుతూ పోతుందట. మార్చి తర్వాత ఏప్రిల్, మే కాల్స్‌కు సెలవు పెట్టాను కాబట్టి అది నిజమని నాకూ తెలుసు, మే నెలలో క్యాలెండర్‌లో ఆ తేదీ చూడటానికే భయం వేసింది. అందుకని మెట్లుమెట్లుగా అడుగుతున్నాను. జూన్‌లో స్లైడ్స్ నేనే తయారుచేస్తాను, కాల్‌లో మ్యూట్‌లో ఉంటాను, మాట్లాడేది వేరేవాళ్లు. జూలైలో ఒక్క స్లైడ్ నేను చెప్తాను. ఆగస్టులో సగం. అజెండాలో లేని ప్రశ్నలు వస్తే "రేపటిలోగా మెయిల్‌లో పంపుతాం" అని చెప్పే స్వేచ్ఛ మాత్రం అన్ని నెలల్లోనూ ఉండాలి. ఆ అంకెలు అప్పటికప్పుడు చెప్పడంకంటే సరిచూసుకుని చెప్పడమే క్లయింట్‌కూ మంచిదని అనుకుంటున్నాను.

రాత్రి 8 తర్వాత వచ్చే పని మెసేజ్‌లకు మర్నాడు ఉదయం జవాబిస్తాను. క్లోజింగ్ జరిగే మూడు రోజులూ దీనికి మినహాయింపు.

వర్క్ ఫ్రమ్ హోమ్ ఎందుకు అడగలేదా అని మీకు సందేహం రావచ్చు. ముందు అదే అడుగుతాననుకున్నాను నేనూ. కానీ ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే నా ఆలోచనలకు అడ్డూ అదుపూ ఉండదు. నలుగురి మధ్య, గోడ పక్కన, నాకది మేలు.

గోప్యత విషయం. నా జబ్బు పేరు మీకు, మీరు తప్పనిసరి అనుకుంటే కంపెనీ డాక్టర్‌కు తప్ప ఎవరికీ తెలియకూడదని కోరుతున్నాను. మా టీమ్ లీడ్‌కు ఏ సర్దుబాట్లు ఇచ్చారో తెలిస్తే చాలు, ఎందుకిచ్చారో అక్కర్లేదు. సర్టిఫికెట్ అప్రైజల్ ఫైల్‌లో కాకుండా విడిగా ఉంచండి. మందుల చీటీలు జతచేయలేదు, వాటిని అడగవద్దని మనవి. టీమ్‌లో ఎవరికైనా చెప్పాలనిపిస్తే, నాకు నేనుగా చెప్తాను.

ఇలా అడగడం దయ కోసం కాదని కూడా రాయనివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన, పనిచోట మానసిక ఆరోగ్యానికి సంబంధించిన మార్గదర్శకాలు, మానసిక సమస్యలున్న ఉద్యోగులకు సహేతుకమైన సర్దుబాట్లు కల్పించాలని సూచిస్తున్నాయి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలోనూ ఈ మాట ఉంది. సహేతుకమైనవి అంటే సంస్థకు మోయలేని భారం కానివి. పైన రాసినవాటిలో అలాంటిది ఉందని మీకు అనిపిస్తే, కాదని చెప్పే ముందు దానికి ప్రత్యామ్నాయం ఏమిటో మాట్లాడదాం. ఉదాహరణకు ఆ ఖాళీ సీటు ఇంకెవరికైనా అనుకుని ఉంటే, నడవాకు వీపు పెట్టని ఏ సీటైనా సరే.

ఇవి శాశ్వతంగా కావాలనడం లేదు. సెప్టెంబరు రెండో వారంలో కలిసి కూర్చుని చూద్దాం. కొన్ని అప్పటికి అక్కర్లేకపోవచ్చు. విషయం ముందు రాసి పిలవడం మాత్రం అప్పుడూ అడుగుతాననే అనుకుంటున్నాను.

దీని గురించి మాట్లాడటానికి ఈ శుక్రవారం లోపు ఎప్పుడైనా నాకు వీలే. మీరు అడగాలనుకున్న ప్రశ్నలు ముందురోజు మెయిల్‌లో పంపితే సిద్ధమై వస్తాను. ఆ మీటింగ్‌లో ఏం అనుకున్నామో తర్వాత రాతపూర్వకంగా ఇవ్వండి, లేకపోతే ఎవరు ఏమన్నారో రాత్రంతా గుర్తుచేసుకుంటూ కూర్చుంటాను.

ఇట్లు,
సుజాత
సీనియర్ అసోసియేట్, బిల్లింగ్ రీకన్సిలియేషన్

జత: సైకియాట్రిస్ట్ సర్టిఫికెట్ (జూన్ 2), కౌన్సెలింగ్ సెషన్ల తేదీల పట్టిక