ఆఫీసు సామాన్ల అప్పగింత, క్లయింట్ల వివరాల గోప్యత గురించి

పర్లాకిమిడి
8 జూన్ 2026

సుజాత గారికి,

మీ రాజీనామా ప్రకారం జూన్ 19, శుక్రవారం మన ఆఫీసులో మీ చివరి రోజు. మరునాడే జీఎస్టీ 3బి రిటర్నుల గడువు. మధ్యలో రజొ సెలవులున్నాయి. చివరి రోజు మీరు రిటర్నుల్లో మునిగి ఉంటారు, మేం ఫోన్లలో ఉంటాం. అందుకే అప్పగింతల సంగతి పది రోజులు ముందుగానే రాస్తున్నాను. అమ్మా, ఇది మీ మీద అనుమానంతో రాసింది కాదు. ఇక్కడ పని మానేసి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఇలాంటి కాగితం ఇస్తాం.

ముందు లాప్‌టాప్. మీ దగ్గరున్నది 14 నంబరు స్టిక్కర్ ఉన్నది. ఛార్జర్, మౌస్, బ్యాగుతో సహా 19న మధ్యాహ్నం 3 గంటలకు నాకు అప్పగించండి. మూత దగ్గర బిస వదులైన సంగతి నాకు తెలుసు, దానికి మీ దగ్గర పైసా పట్టుకోం. ఒక్కటే కోరిక: శుభ్రంగా ఇద్దామనుకుని దాన్ని ఫార్మాట్ చేయకండి, ఫైళ్లు చెరపకండి. ఇదివరకు ఒకాయన మంచి ఉద్దేశంతోనే అలా చేసి వెళ్లారు. నాలుగు నెలల కొనుగోలు బిల్లులు మళ్లీ షాపుల చుట్టూ తిరిగి తెచ్చుకున్నాం. మీ సొంత ఫోటోలు, పిల్లల స్కూలు కాగితాలు అందులో ఉంటే 18న ఇద్దరం కూర్చుని మీ పెన్‌డ్రైవ్‌లోకి తీసేద్దాం. క్రోమ్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు మాత్రం నా ఎదుటే తీసేయాలి, మీ సొంత జీమెయిల్ నుంచి లాగౌట్ కావాలి. టాలీ బ్యాకప్ ఉన్న నల్ల పెన్‌డ్రైవ్ ఆఫీసుది, అది కూడా ఇచ్చేయండి.

కార్డులు మూడు. ముందు తలుపుది, రికార్డుల గదిది, మన క్లయింట్ రైస్ మిల్లు వాళ్లు మీ ఫోటోతో ఇచ్చిన గేటు పాస్. మూడోది చాలామంది మర్చిపోతారు. అది మనది కాదు, మిల్లుది. వాళ్లకు నేనే తిరిగి పంపి రసీదు తెప్పిస్తాను. తలుపు కార్డులు రెండూ 19 సాయంత్రం 6 తర్వాత పనిచేయవు. అయినా కార్డు చేతికి రావాలి.

డీఎస్సీ టోకెన్లు మీ టేబుల్ సొరుగులో 6 ఉన్నాయి. ఆ చిన్న డాంగిల్‌తో పెట్టిన సంతకం యజమాని తన చేత్తో పెట్టిన సంతకంతో సమానం. ఒక్కొక్కటి పేరు చూసుకుని, రిజిస్టర్‌లో రాసి, బీరువాలోని స్టీలు డబ్బాలో పెడదాం. వాటి కవర్ల మీద పిన్ నంబర్లు రాసి అంటించడం మానుకోవాలని మనం ఎన్నిసార్లు అనుకున్నామో మీకూ తెలుసు. ఈసారి ఆ చీటీలు చించేసి, పిన్‌లు మార్పిద్దాం.

అసలు టెన్షన్ ఓటీపీలది. పనిలో సులువు కోసం 11 మంది వ్యాపారుల జీఎస్టీ ఖాతాల్లో మీ సొంత మొబైల్ నంబరు ఇచ్చి ఉన్నాం. తప్పు మనదే, మీది కాదు. కానీ మీరు శ్రీకాకుళంలో కొత్త ఉద్యోగంలో ఉన్నప్పుడు పాతపట్నం కిరాణా కొట్టు ఓటీపీ మీ ఫోన్‌కు వస్తే మీకూ ఇబ్బంది, వాళ్లకూ ప్రమాదం. ఈ శుక్రవారంలోగా ఆ 11 పేర్ల జాబితా ఇవ్వండి. యజమాని ఒప్పుకోలుతో పోర్టల్‌లో Services > Registration > Amendment of Registration Non-Core Fields లోకి వెళ్లి ఒక్కొక్కరి నంబరు మారుద్దాం. మార్చేటప్పుడు ఓటీపీలు వస్తాయి కాబట్టి మీరు పక్కనే ఉండాలి. ఆదాయ పన్ను పోర్టల్‌లో ప్రొఫైల్ వివరాలు కూడా అదే పూటన చూసేద్దాం. 37తో మొదలయ్యే పాతపట్నం నంబర్లు, 21తో మొదలయ్యే మన ఊరి నంబర్లు వేర్వేరు కాగితాల మీద రాస్తే కలగాపులగం కాదు.

బిల్లుల ఫోటోలు మీ వాట్సాప్‌కే వచ్చేవి. పని పూర్తయినవి ఆఫీసు నంబరుకు పంపి, తర్వాత మీ ఫోన్ గ్యాలరీలోంచి తీసేయండి. గ్రూపుల్లోంచి మీరే బయటికి రండి, ముందు నన్ను అడ్మిన్ చేయండి.

కాగితాల్లో, మార్చి నెలాఖరులో ఇంటికి తీసుకెళ్లిన రెండు ఫైళ్లు ఇంకా రావాలి. ఒకటి జీడిపప్పు వ్యాపారిది, రెండోది అద్దె ఒప్పందాల ఒరిజినల్స్ ఉన్న పచ్చ ఫైలు. జీఎస్టీ లెక్కల పత్రాలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఫైలు పోతే రేపు నోటీసుకు జవాబు చెప్పుకోవాల్సింది ఆ షాపాయనే. ఫోటోకాపీలు కూడా మీ దగ్గర ఉంచుకోవద్దు.

ఇక గోప్యత. 3 ఆగస్టు 2020 నాటి మీ నియామక పత్రంలో 9వ అంశం చదివి సంతకం చేశారు, అది మీరు వెళ్లాక కూడా ఉంటుంది. షాపు బోర్డు మీద రాసి ఉండే జీఎస్టీ నంబరు రహస్యం కాదు, ఎవరైనా చూడొచ్చు. ఎంత అమ్మకం, ఎవరి దగ్గర సరుకు, ఏ బ్యాంకులో ఎంత అప్పు, ఏ నోటీసు వచ్చింది అన్నవి రహస్యం. మనది చిన్న ఊరు. ఆమధ్య ఓ పెళ్లి బంతిలో నా పక్కనే కూర్చున్న ఒకాయన నన్ను మెల్లగా అడిగారు: "ఫలానా వాళ్ల కొట్టు బాగా నడుస్తోందా బాబూ? మా అమ్మాయికి సంబంధం చూస్తున్నాం." సాంబారు బాగుందని చెప్పి లేచాను. మీకూ అలాంటి పెద్దలు ఎదురవుతారు, మనవాళ్లే, ఆప్యాయంగానే అడుగుతారు. అప్పుడు "నాకు తెలియదండీ" అనండి.

మీరు ఇంకో ఆఫీసులో చేరకూడదని మేం అనడం లేదు. 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ చూస్తే అలా అనడం చెల్లదు కూడా. మీరు నేర్చుకున్న పని మీది. మన క్లయింట్ల జాబితా, వాళ్ల లెక్కలు, పాస్‌వర్డులు మాత్రం మీతో రాకూడదు. పనిలో భాగంగా చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఒప్పందం మీరి, నష్టం కలిగించే ఉద్దేశంతో బయటపెడితే సమాచార సాంకేతిక చట్టం 72ఎ కింద 3 ఏళ్ల దాకా జైలు ఉందని కూడా రాయకుండా ఉండలేను. కోర్టు గానీ, పన్ను అధికారి గానీ చట్టప్రకారం పిలిచి అడిగితే చెప్పడం తప్పు కాదు. ఆ నోటీసు వస్తే మాకు ఒక ఫోన్ చేయండి, కాగితాలు అందిస్తాం.

జూన్ 19 రోజుల జీతం, మిగిలిన సెలవుల డబ్బు మీ ఖాతాలో పడతాయి. సామాను ఏదైనా మిగిలిపోయిందని జీతం ఆపం, దాన్ని రిజిస్టర్‌లో విడిగా రాసుకుంటాం. అనుభవ పత్రం సిద్ధంగా ఉంది, అప్పగింత కాగానే చేతికిస్తాను.

ఈ లేఖ రెండు ప్రతులు పంపుతున్నాను. ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండోదాని మీద "చదివాను" అని రాసి సంతకం చేసి గురువారంలోగా నా టేబుల్ మీద పెట్టండి. ఏదైనా లెక్క తప్పుగా రాశాననిపిస్తే అందులోనే దిద్దండి.

ఇట్లు
ఆఫీసు మేనేజర్