గంగాళం, 11 కిలోల 200

పాత ఇత్తడి కొనే వ్యాపారి సోమవారం పొద్దున్నే వ్యాను తెస్తానన్నాడు. ఈలోగా కొట్టులో మన సరుకేదో, రిపేరుకొచ్చిన సామానేదో విడదీయాలి. ఆ పని నా మీద పడింది.

నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట కూడా సరిగా రావడం లేదు. రాజమండ్రి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక కొట్టు తీసేవాళ్ళు లేరు. బెంగుళూరు నుంచి నేను వచ్చాను గానీ ఎన్నాళ్ళు ఉండగలను?

"ఎత్తేద్దాం అమ్మాయ్. తూకం వేసి ఇచ్చేస్తే మందులకైనా వస్తాయి," అన్నాడు బాబాయి.

అమ్మ ఔననలేదు, కాదనలేదు. తాళాలు నా చేతిలో పెట్టి, "ముందు ఆర్డర్ల పుస్తకం చూడు. ఒకళ్ళ గిన్నె ఇంకొకళ్ళకి పోయిందంటే ఊళ్ళో తలెత్తుకోలేం," అంది.

తణుకు బజారులో మాది చిన్న కొట్టు. బిందెలు, గుండిగలు, హారతి పళ్ళాలు, కుందులు అన్నీ అజ్జరం నుంచి తెప్పిస్తాం. ఈమధ్య కొత్త సరుకు అమ్మకం కంటే రిపేరు పనే ఎక్కువ. కళాయి వేయించడం, మాటు వేయడం, సొట్టలు తీయడం, మెరుగు పెట్టడం, పేర్లు కొట్టడం. ఇవన్నీ రాసేది ఎర్ర అట్ట ఉన్న పొడుగు పుస్తకంలో. చాలామందికి ఫోన్ నంబరు కూడా రాసుకోలేదు నాన్న. ఎవరిదే సామానో ఎలా తెలుస్తుందా అని కంగారుపడ్డాను. నాలుగు పేజీలు చదివాక తెలిసింది, నంబరు అక్కర్లేదని.

"ఉండ్రాజవరం మేష్టారి భార్య. తప్పేళా, కళాయి. పులుసు కాస్తారు, దళసరిగా వేయించాలి."

"అత్తిలి పెళ్ళివారు. కంచు కంచాలు 3. పెళ్ళికొడుకు పేరు. ఒత్తు తప్పు పోకూడదు, మళ్ళీ అడగాలి."

"దువ్వ. రాగి చెంబు, అడుగున మాటు. మీద పేరు మహలక్ష్మి. ఆవిడ లేరు, కోడలు తెచ్చింది."

పాత సామానుకి అసలు గుర్తు ఆ మీదున్న పేరే. పుట్టింటి వాళ్ళు సారెలో పెట్టేటప్పుడు పిల్ల పేరు కొట్టించి ఇస్తారు. ఆ పిల్ల ముసలిదై, పోయి, మనవరాలు వాడుతున్నా బిందె మీద పేరు ఆమెదే ఉంటుంది. నేను ఒక్కో గిన్నె తిప్పి పేరు చదువుతూ, పుస్తకంలో వెతుకుతూ, చీటీ కడుతూ పోయాను. శుభ్రంగా తెమిలిపోతోంది పని.

అప్పుడు కనపడింది ఇది. "వేల్పూరు సత్యవతి. గంగాళం, 11 కిలోల 200. 3,300 ఇచ్చాను. వస్తుంది." తేదీ 2021 జూన్.

మిగతా అందరి దగ్గరా అడ్వాన్సు పుచ్చుకున్నాడు. ఈమెకి ఎదురు ఇచ్చాడు. పాత ఇత్తడి కొన్నప్పుడు రాసే పుస్తకం వేరే ఉంది. అందులో చూశాను, ఈ గంగాళం లేదు. మళ్ళీ వెనక్కి తిప్పితే ఇలాంటివి ఇంకో ఆరు దొరికాయి, అన్నీ కరోనా రోజులవే. ఒకదాంట్లో పేరు కూడా లేదు. "మరచెంబు. 400 ఇచ్చాను. ఎవరని అడగలేదు. చూస్తే గుర్తుపడతాను." ఆ ఏడూ అటక మీద, అమ్మ పాత చీర ముక్కల్లో చుట్టి ఉన్నాయి.

"కొన్నవేగా, మనవే. వ్యానులో వేసెయ్," అన్నాడు బాబాయి.

కొన్నవైతే ఆర్డర్ల పుస్తకంలో ఎందుకు రాస్తాడు? అజ్జరం వాళ్ళతో పది గ్రాముల తేడాకి అరగంట వాదించే మనిషి మా నాన్న. పొరపాటున రాయడు. పుస్తకం తీసుకెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

"వేల్పూరు సత్యవతి గంగాళం. కొన్నావా నాన్నా?"

కాదన్నట్టు తల ఊపాడు.

"తాకట్టా?"

ఈసారి ఎడమ చెయ్యి విసిరాడు. కోపం వచ్చింది ఆయనకి. పెదాలు కూడగట్టుకుని, చాలాసేపటికి, "ఆ... ఆర్డరు," అన్నాడు.

"నాలుగైదేళ్ళ నుంచి రాని మనిషిది ఆర్డరేంట్రా అన్నయ్యా! వడ్డీ లేదు, రేటు చూస్తే ఎక్కడికో పోయింది," అన్నాడు బాబాయి. నాన్న కళ్ళు మూసుకున్నాడు.

వంటింట్లో అమ్మ చెప్పింది. "అమ్ముకోడానికి తెచ్చేవాళ్ళు కాటా ముల్లు చూస్తార్టే. వీళ్ళు ముల్లు చూడలేదు, డబ్బులు లెక్కెట్టుకోలేదు. గుమ్మం దాటి మళ్ళీ వెనక్కొచ్చి గిన్నె ఎక్కడ పెట్టారో చూసి వెళ్ళారు. అలాంటివి ముక్కలు చెయ్యడానికి ఇవ్వలేను అన్నాడు మీ నాన్న. నేనే చీర చింపి ఇచ్చాను."

ఏడింటిలో ఒక్కదానికే ఫోన్ నంబరు ఉంది. చేశాను. మొదట సత్యవతి గారికి ఏమీ అర్థం కాలేదు, మేం ఏదో బాకీ అడుగుతున్నామనుకుని భయపడింది. ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి పెద్ద కూతుర్ని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చింది.

గంగాళం బల్ల మీద పెట్టాను. చిలుము పట్టి ఉంది. సత్యవతి గారు చీర కొంగుతో అంచు దగ్గర గట్టిగా తుడిచి, తన పేరు చూసుకుంది.

"కరిగించేసుంటారనుకున్నానమ్మా. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు, ఇంకేమీ లేక తెచ్చాను. మీ నాన్నగారు తూచారు, డబ్బులిచ్చారు. దాస్తానని ఒక్క మాటైనా అనలేదే!"

"మీరు వస్తారని రాసుకున్నారండి," అని పేజీ చూపించాను.

ఆమెకి చదవడం రాదు. కూతురు పైకి చదివింది. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. నాకూ గొంతు పూడుకుపోయింది.

"ఇప్పుడు ఎంత కట్టాలమ్మా?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఇవాళ్టి రేటు ఆయన నోటి చివరే ఉంది.

"మూడు వేల మూడొందలు," అన్నాను. "రాసి ఉన్నదే."

కొంగు ముడి విప్పి వెయ్యి రూపాయలు తీసింది. "మిగతాది మాఘమాసానికి ఇస్తాను. దీని పెళ్ళి అప్పుడే. సారెలో ఇదే పెడతాను. మెరుగు పెట్టించి, నా పేరు కింద పిల్ల పేరు కొట్టిస్తారా?"

వ్యాపారికి ఫోన్ చేసి, సోమవారం రావొద్దు, నేనే కబురు చేస్తానని చెప్పాను. మా ఆఫీసులో ఏం చెప్పాలో, ఎన్నాళ్ళు ఇంటి నుంచి పని చేయనిస్తారో అప్పటికి తెలీదు. ఆరుగురి సామాను ఇంకా అటక మీదే ఉంది, వాళ్ళ ఊళ్ళు తిరగాలి. ఎర్ర పుస్తకంలో ఖాళీ పేజీ తీసి రాశాను. "వేల్పూరు సత్యవతి. గంగాళం. మెరుగు. పేరు భవాని. జమ 1,000."

"ఎత్తేసే కొట్టులో ఆర్డరు రాస్తావేంటే!" అన్నాడు బాబాయి. "పేర్లు కొట్టేది అన్నయ్య. ఇప్పుడెవరు కొడతారు?"

"నీకూ వచ్చుగా బాబాయ్. అమ్మ పెళ్ళి బిందె మీద పేరు నువ్వే కొట్టావట."

"ఉలి పట్టి ఇరవై ఏళ్ళు దాటింది. వంకరపోతే ఎవరిది పూచీ?"

"మాఘమాసం దాకా టైముంది కదా బాబుగారూ," అంది సత్యవతి. "ఈలోగా పాత రేకు మీద నాలుగు సార్లు కొట్టి చూసుకోండి."