నాన్నగారిని ఇంటికి తీసుకెళ్తున్నారు: ఇంట్లో చేయాల్సినవి

డిశ్చార్జ్: 2025 జూన్ 11, బుధవారం. వయసు 64. జబ్బు: గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో నీరు చేరింది. ఆ నీరు ఇప్పుడు తగ్గింది. గుండె బలహీనత ఇంకా ఉంది. అందుకే ఈ కాగితాన్ని వంటింట్లో అందరికీ కనిపించే చోట అతికించండి. రోజూ ఆయన్ని చూసుకునేవాళ్ళందరూ చదవండి.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి

కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే. ఛాతీలో నొప్పి లేదా బరువు పట్టేసినట్టు ఉంటే. స్పృహ తప్పితే. దగ్గితే గులాబీ రంగు నురగ పడితే.

అంబులెన్స్ వచ్చేదాకా ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టండి. కాళ్ళు కిందకు వేలాడనివ్వండి. పడుకోబెట్టకండి. నీళ్ళు తాగించకండి.

రోజూ పొద్దున్నే బరువు చూడండి

ఇది మానకండి. నీరు మళ్ళీ చేరుతోందని చాలాసార్లు ముందుగా చెప్పేది బరువే. ఆయాసం ఆ తర్వాత వస్తుంది.

లేచాక మూత్రానికి వెళ్ళి రానివ్వండి. టిఫిన్‌కు ముందే చూడండి. రోజూ ఒకే మిషన్, ఒకే రకం బట్టలు. మిషన్‌ను గచ్చు మీద పెట్టండి, చాప మీద పెట్టకండి. అంకెను క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయండి.

ఇవాళ మా మిషన్ మీద 62.4 కిలోలు. రేపు పొద్దున మీ మిషన్ చూపించే అంకెతో లెక్క మొదలుపెట్టండి.

ఒక్క రోజులో కిలో దాటి పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా అదే రోజు వార్డుకు ఫోన్ చేయండి. నంబరు డిశ్చార్జ్ ఫైలు మొదటి పేజీలో ఉంది. "బాగానే ఉన్నాను" అని ఆయన అన్నా ఫోన్ చేయండి.

రాత్రి పడుకునే ముందు కాళ్ళు కూడా చూడండి. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కండి. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోతే ఫోన్ చేయండి. ఇప్పుడు ఒక దిండుతో పడుకుంటున్నారు. రెండో దిండు అడిగితే, రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటే ఫోన్ చేయండి.

మాత్రలు

పొద్దున టిఫిన్ తర్వాత మూడు: ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములు, స్పైరోనోలాక్టోన్ 25, మెటోప్రొలాల్ సక్సినేట్ 25.
రాత్రి భోజనం తర్వాత ఒకటి: రామిప్రిల్ 2.5.

ఫ్యూరోసెమైడ్ నీటి మాత్ర. మూత్రం ఎక్కువగా వస్తుంది. సాయంత్రం వేస్తే రాత్రంతా నిద్ర ఉండదు. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేయకండి. బాగైంది కదా అని ఏదీ ఆపకండి.

ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనకండి. ఇవి నీటిని ఒంట్లో నిలిపేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఏ నొప్పికైనా ముందు మమ్మల్ని అడగండి.

వాంతులో విరేచనాలో పట్టుకుంటే, లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే, అదే రోజు ఫోన్ చేయండి. మాతో మాట్లాడాకే ఆ పూట నీటి మాత్ర వేయండి.

ఉప్పు, నీళ్ళు

పొద్దున్నే ఒక చిన్న చెంచా ఉప్పు డబ్బాలో తీసి పెట్టండి. అంచుకు సమంగా, కుప్పగా కాదు. ఆయన వంటకు రోజంతా అదే. అన్నంలో వేయకండి. మజ్జిగలో కలపకండి.

ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, మిక్చర్ ఆపండి. పచ్చడి లేనిదే ఆయనకు ముద్ద దిగదని మీరు చెప్పారు. మొదటి రెండు వారాలే కష్టం. నిమ్మరసం, వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీర ఎక్కువ వేయండి. కుదిరితే ఇంటిల్లిపాదీ ఇదే తినండి. ఆయన ఒక్కరికే చప్పిడి కూడు పెడితే నాలుగు రోజులకు మించి సాగదు.

"తక్కువ సోడియం ఉప్పు" ప్యాకెట్లు కొనకండి. వాటిలో చాలావరకు పొటాషియం ఉంటుంది. ఈ మాత్రలతో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. అందుకే కొబ్బరినీళ్ళు కూడా ఇవ్వకండి. పలకరించడానికి వచ్చేవాళ్ళు బొండాలు తెస్తే మీరు తాగండి.

రోజుకు మొత్తం లీటరున్నర. పొద్దున లీటరు బాటిల్ నింపండి. ఆయన తాగే నీళ్ళన్నీ అందులోంచే. మిగిలిన అర లీటరు కాఫీ, మజ్జిగ, చారుకు. దాహమైతే నోరు పుక్కిలించి ఉమ్మించండి.

నడక

ఇంట్లోనే పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు. పక్కన ఒకరు ఉండండి. నడుస్తూ మాట్లాడలేకపోతే కూర్చోబెట్టండి. బరువులు ఎత్తనివ్వకండి. బీడీ, చుట్ట, మద్యం పూర్తిగా మానాలి. ఇంట్లో ఇంకెవరూ పొగ తాగకండి.

మళ్ళీ రావాల్సింది

జూన్ 16, సోమవారం: క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షలు.
జూన్ 18, బుధవారం ఉదయం: గుండె ఓపీ. బరువులు రాసిన క్యాలెండర్, మాత్రల అట్టలన్నీ, ఈ కాగితం తీసుకురండి. పొద్దున మాత్రలు వేసుకునే రండి.