సీ-7 పిల్లర్ స్లెండర్‌నెస్ లెక్క: జడ్చర్ల షోరూమ్ బిల్డింగ్, గ్రౌండ్ ఫ్లోర్

సైట్ ఇంజినీరు గారికి,

సీ-7ను 9 అంగుళాల గోడలో కలిసిపోయేలా 230 మి.మీ. వెడల్పుకు తగ్గించమని ఓనర్ గారు అడుగుతున్నారని చెప్పారు. కుదరదు. ఎందుకు కుదరదో కింది లెక్కే చెబుతుంది, ఆయనకు చూపించండి. సైజు 300 × 450గానే ఉంటుంది. ఎం25 కాంక్రీటు, ఎఫ్ఈ500 స్టీలు, 8 నంబర్ల 20 మి.మీ. రాడ్లు (2513 చ.మి.మీ.), లోడు Pu = 1150 కిలోన్యూటన్లు. లోడ్లు, మూమెంట్లు అన్నీ ఫ్యాక్టర్ చేసిన విలువలే.

ముందుగా ఫ్రేమ్ బ్రేస్డ్ అవునా కాదా తేల్చాలి. లిఫ్ట్ చుట్టూ 200 మి.మీ. కాంక్రీటు గోడ ఉంది కాబట్టి అవునని చేతులు దులుపుకుంటే సరిపోదు, ఐఎస్ 456:2000 అనుబంధం-ఈలోని స్థిరత్వ సూచిక కూడా చూడాలి.

```
Q = ΣPu·Δu / (Hu·hs)
  = 9800 × 6 / (420 × 5700) = 0.025 < 0.04
```

బ్రేస్డ్ అని తేలింది. ప్లింత్ బీమ్ పైనుంచి శ్లాబ్ పై వరకు 5.70 మీటర్లు. 450 వైపు బీమ్ లోతు 600, కాబట్టి క్లియర్ ఎత్తు 5.10 మీ. 300 వైపు బీమ్ లోతు 450, కాబట్టి 5.25 మీ. కింద ప్లింత్ బీమ్ చిన్నది, దాని బిగింపును పెద్దగా నమ్మలేదు. అందుకే ఎఫెక్టివ్ లెంగ్త్ గుణకం రెండు వైపులా 0.85 తీసుకున్నాను.

```
lex/D = 0.85 × 5100 / 450 = 9.63  < 12
ley/b = 0.85 × 5250 / 300 = 14.88 > 12
```

అంటే ఈ పిల్లర్ ఒక వైపు షార్ట్, రెండో వైపు స్లెండర్. షోరూమ్ కోసం గ్రౌండ్ ఫ్లోర్ ఎత్తు పెంచిన బిల్డింగుల్లో ఇది మామూలే. ఒక వైపు చూసి 'షార్ట్' అని రాసేసిన లెక్కలు చాలా తగులుతాయి. 60 రెట్ల హద్దు 18 మీటర్లు, దానికి మనం చాలా దూరం.

పిల్లర్ మధ్యలో కాస్త వంగగానే, పైనుంచి వచ్చే లోడు ఆ వంపును పట్టుకుని కొత్త మూమెంట్ పుట్టిస్తుంది. కోడ్ క్లాజ్ 39.7.1 ప్రకారం దాన్ని ఇలా కట్టాలి:

```
May = Pu·b/2000 × (ley/b)²
    = 1150 × 0.3/2000 × 14.875² = 38.2 kNm
Puz = 2433 kN,  Pb = 631 kN
k = (2433 − 1150)/(2433 − 631) = 0.712
k·May = 27.2 kNm
```

ఇక ఫ్రేమ్ అనాలిసిస్‌లో వచ్చిన మూమెంట్లు: పైన 32, కింద 18, డబుల్ కర్వేచర్. చివర్లలో పెద్ద మూమెంట్ ఉన్నా మధ్యలో అంత ఉండదు గనక 0.6 × 32 − 0.4 × 18 = 12.0. ఇది 0.4 × 32 = 12.8 కంటే తగ్గకూడదు, కాబట్టి 12.8. కానీ కనీస ఎక్సెంట్రిసిటీ 5250/500 + 300/30 = 20.5 మి.మీ., దాని మూమెంట్ 23.6. ఇదే పెద్దది కాబట్టి ప్రారంభ మూమెంట్‌గా దీన్నే తీసుకోవాలి.

```
Muy = 23.6 + 27.2 = 50.8 kNm
```

ఫ్రేమ్ ఇచ్చిన 32కి బదులు 50.8. సాఫ్ట్‌వేర్ షీట్లో 32 చూసి పక్కన పెట్టేసేవారికి ఈ తేడా కనపడదు. రెండో వైపు Mux 45, అక్కడ కనీస ఎక్సెంట్రిసిటీ మూమెంట్ 29 మాత్రమే, అదనపుది లేదు.

రెండు వైపుల వంపు కలిపి చూస్తే: ఈ లోడు దగ్గర పిల్లర్ మోయగల మూమెంట్లు Mux1 = 174, Muy1 = 100, Pu/Puz = 0.47, αn = 1.45.

```
(45/174)^1.45 + (50.8/100)^1.45 = 0.14 + 0.37 = 0.51 < 1
```

పాస్. సగమే వాడామని రాడ్లు తగ్గించమంటారేమో. పైన ఇంకో అంతస్తు ఆలోచన ఉందని ఓనర్ గారే అన్నారు కాబట్టి ఉన్నదాన్ని ముట్టుకోవద్దు.

230 సంగతికి వద్దాం. ఏరియా తగ్గకుండా 230 × 600 వేసినా ley/b 19.4 అవుతుంది, k లేకుండా అదనపు మూమెంట్ 38.2 నుంచి 49.8కి పెరుగుతుంది. పైగా దాన్ని మోయాల్సిన వైపు లోతు తగ్గిపోయింది. గోడ బయటికి 70 మి.మీ. కనిపిస్తే ప్లాస్టర్‌లో సర్దుకోవచ్చు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. ఖర్చు తగ్గుతుందని లిఫ్ట్ గోడను ఇటుకతో కడితే పైనున్నదంతా చెల్లదు. ఊగే ఫ్రేమ్‌లో గుణకం కనీసం 1.2, ley/b 21, అదనపు మూమెంట్ 76, అంటే రెట్టింపు. ఆ గోడ రాడ్లు పునాది నుంచే లేవాలి; ఫస్ట్ ఫ్లోర్ శ్లాబ్ వేసే ముందే గోడ పోయించాలి.

సెంట్రింగ్ బిగించాక రెండు ముఖాలూ గుండు వేసి చూడండి. లోడు 10 మి.మీ. పక్కకి జరిగితే 11.5 kNm వచ్చిపడుతుంది. రింగులు 8 మి.మీ., 200కి ఒకటి. కవర్ 40, ఈ లెక్కలోనూ అదే తీసుకున్నాను. 230 అని రాసి ఉన్న పాత ప్రింటు మేస్త్రీ దగ్గర ఒకటి ఉంది, ఇవాళే వెనక్కి తీసుకోండి.