కె. మద్దిలేటి – ఐటీ హెల్ప్‌డెస్క్ టెక్నీషియన్, కర్నూలు

దరఖాస్తు చేస్తున్న ఉద్యోగం: సీనియర్ హెల్ప్‌డెస్క్ టెక్నీషియన్, కడప కార్యాలయం
నివాసం: కర్నూలు. ఫోన్ నంబరు, ఈమెయిల్ దరఖాస్తు ఫారంలో ఇచ్చాను.
రెజ్యూమె తేదీ: 2025 డిసెంబర్ 8

క్లుప్తంగా

ఐటీ సపోర్ట్‌లో ఎనిమిదేళ్లకు పైగా అనుభవం ఉంది. అందులో చివరి మూడున్నరేళ్లు రాత్రీ పగలూ నడిచే ఆసుపత్రి హెల్ప్‌డెస్క్‌లో గడిచాయి. 2022 జూన్ నుంచి 2025 నవంబర్ దాకా నేను మూసిన టికెట్లు 9,400 పైచిలుకు. వాటిలో నూటికి 64 మొదటి ఫోన్‌లోనే తేలిపోయాయి. చేరినప్పుడు మా డెస్క్‌కు నెలకు 780 టికెట్లు వచ్చేవి, ఇప్పుడు 560 వస్తున్నాయి. తగ్గిన ఆ 220 టికెట్లే ఈ రెజ్యూమెలో నేను ముందుగా చూపించదలచుకున్న పని.

ప్రస్తుత ఉద్యోగం: హెల్ప్‌డెస్క్ టెక్నీషియన్, కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి, 2022 జూన్ నుంచి

340 కంప్యూటర్లు, 62 ప్రింటర్లు, 520 మంది వాడకందారులు. ముగ్గురు టెక్నీషియన్లం, మూడు షిఫ్టులు. స్విచ్‌లు, ఫైర్‌వాల్ చూసుకోవడానికి ఒక నెట్‌వర్క్ ఇంజినీరు ఉన్నారు. డెస్క్ మీదున్న కంప్యూటర్ నుంచి గోడకున్న పోర్టు దాకా మాదే బాధ్యత.

*టికెట్లు.* 2022లో నా వాటాకు నెలకు 260 వచ్చేవి. 2025లో 187కు వచ్చాయి. ఈ ఏడాది నేను చూసినవాటిలో మూడో వంతు ప్రింటర్లవే: కాగితం ఇరుక్కోవడం, స్పూలర్ ఆగిపోవడం, ల్యాబ్ బార్‌కోడ్ స్టిక్కర్ పక్కకు జరిగి పడటం. తర్వాతి స్థానం ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో లాగిన్, అనుమతుల సమస్యలది. ఆ తర్వాత హార్డ్‌వేర్, చివరగా నెట్‌వర్క్.

*పరిష్కార సమయం.* ఫిర్యాదు వచ్చాక మొదటి జవాబుకు 2022లో సగటున 14 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 6 నిమిషాలు. పూర్తిగా తేలడానికి పట్టే సగటు సమయం 5 గంటల 40 నిమిషాల నుంచి 2 గంటల 10 నిమిషాలకు తగ్గింది. అయితే సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. మదర్‌బోర్డు కోసం హైదరాబాద్ వైపు మూడు రోజులు ఎదురుచూసిన టికెట్టు ఒక్కటి చాలు, నెల సగటును పైకి ఎత్తేయడానికి. అందుకే నా నెలవారీ నివేదికలో మీడియన్ కూడా ఇస్తాను. 2025లో అది 38 నిమిషాలు. మూసిన టికెట్టు మళ్లీ తెరుచుకోవడం నూటికి 9 నుంచి మూడున్నరకు తగ్గింది. వాడకందారుతో ఒకసారి మాట్లాడకుండా టికెట్టు మూయకూడదని మాలో మేం పెట్టుకున్న నియమమే దానికి కారణం.

ఓపీ బిల్లింగ్, ల్యాబ్, ఐసీయూ, ఫార్మసీ, వీటిలో ఏది ఆగినా మా దగ్గర పీ1. గంటలోపు పనిలోకి తేవాలి. ఈ ఏడాది జనవరి నుంచి నవంబర్ దాకా నా షిఫ్టుల్లో 58 పీ1లు వచ్చాయి, 53 గంటలోపు తేలాయి. మిగిలిన ఐదింటిలో మూడు బయటి ఇంటర్నెట్ లైను తెగినవి. మిగతా రెండూ నా అంచనా తప్పినవే. సర్వర్ వైపు సమస్యను కంప్యూటర్ వైపు వెతుకుతూ కూర్చున్నాను.

*ఒక పీ1 దగ్గరి నుంచి.* సోమవారం ఉదయం 9 దాటింది, ఓపీ ముందు క్యూ మెట్ల దాకా ఉంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో 22 కంప్యూటర్లు ఒకదాని తర్వాత ఒకటి సాఫ్ట్‌వేర్ నుంచి బయటికి వచ్చేశాయి. సర్వర్ పడిపోయిందనే అందరూ అన్నారు. రెండో అంతస్తు మాత్రం బాగానే నడుస్తోంది. బిల్లింగ్ కౌంటర్లో కూర్చుని `ipconfig /all` కొట్టాను.

```
IPv4 Address. . . . . : 192.168.0.107
DHCP Server . . . . . : 192.168.0.1
```

మా నెట్‌వర్క్ మొత్తం 10.10తో మొదలవుతుంది. అంటే ఇంకెవరో అడ్రసులు పంచుతున్నారన్నమాట. ఆ అంతస్తులో పోర్టులు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, ఒక గదిలో బల్ల కింద ఇంటి నుంచి తెచ్చిన వైఫై రౌటర్ దొరికింది. ఫోన్‌కు సిగ్నల్ రావట్లేదని తెచ్చి, కేబుల్‌ను లాన్ పోర్టులో గుచ్చారు. దాన్ని పీకేసి, కంప్యూటర్లలో `ipconfig /release`, `ipconfig /renew` కొట్టుకుంటూ వెళ్తే 35 నిమిషాల్లో కౌంటర్లన్నీ లేచాయి. ఆ వారంలోనే నెట్‌వర్క్ ఇంజినీరుతో చెప్పి స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టించాను. ఆ రకం టికెట్టు మళ్లీ రాలేదు. రౌటర్ ఎవరిదో నివేదికలో రాయలేదు. ఆ గదిలో సిగ్నల్ రాదన్న సంగతి మాత్రం రాశాను, తర్వాత అక్కడ యాక్సెస్ పాయింట్ బిగించారు.

*ఎండాకాలం టికెట్లు.* "కంప్యూటర్ దానంతట అదే ఆగిపోతోంది" అన్న ఫిర్యాదులను 2023లో తీసి చూస్తే, ఏడాదిలో వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఏప్రిల్, మే నెలల్లోనే ఉన్నాయి. ఏసీ లేని గదులవే. కర్నూలు ఎండలు తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. కాకపోతే అప్పటిదాకా ఎవరూ లెక్క కట్టలేదు. ఆ తర్వాతి ఏడాది మార్చిలోనే ఆ గదుల యూపీఎస్‌లకు లోడ్ పరీక్ష చేసి, నిలవని బ్యాటరీలు మార్పించాను. క్యాబినెట్లలో దుమ్ము దులిపించాను. ఏప్రిల్, మే రెండూ కలిపి అంతకు ముందు ఏడాది 64 ఉన్న టికెట్లు 21కి దిగాయి.

*విండోస్ మార్పిడి.* విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మా 340లో 26 కంప్యూటర్లు అప్పటికే విండోస్ 11 మీద ఉన్నాయి. 196 అప్‌గ్రేడ్‌కు పనికొచ్చాయి. టీపీఎం 2.0 లేకనో, ప్రాసెసర్ పాతదవడం వల్లనో 118 పనికిరాలేదు. ఈ జాబితా నేనే తయారుచేశాను. 196ను ఆదివారాలు, రాత్రి షిఫ్టుల్లో పూర్తిచేశాం. 118లో 70 కొత్తవి కొన్నారు, 48కి పొడిగించిన భద్రతా అప్‌డేట్లు తీసుకున్నారు. మొత్తం పనిలో రెండు కంప్యూటర్ల డేటా తిరిగి ఎక్కించాల్సి వచ్చింది, రెండూ బ్యాకప్ నుంచి వచ్చాయి.

వాడకందారుల శిక్షణ

నాకు బాగా నచ్చే పని ఇదే. ఇప్పటిదాకా 41 తరగతులు నడిపాను, దాదాపు 380 మంది హాజరయ్యారు. మొదట్లో మీటింగ్ హాల్లో గంటసేపు పెడితే ఏడుగురు వచ్చారు, అందులో ఇద్దరు టీ కోసం. తర్వాత పద్ధతి మార్చాను. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ, నర్సింగ్ స్టేషన్ దగ్గరే, నిలబడే పదిహేను నిమిషాలు, ఒక రోజుకు ఒకే విషయం. స్లైడ్లు ఉండవు. వాళ్ల కంప్యూటర్ మీద, వాళ్ల చేతే చేయిస్తాను.

ఒక సీనియర్ నర్సు పాస్‌వర్డ్ గుర్తుండక ఐడీ కార్డు వెనక ప్లాస్టరు అంటించి రాసుకునేవారు. "అమ్మా, అది తీసేయండి" అని ఆర్నెల్లుగా అందరూ చెబుతూనే ఉన్నారు. మీ ఊరి పేరు, మీ ఇంటి వెనకున్న చెట్టు, మీరు ఉద్యోగంలో చేరిన ఏడాది, మూడూ కలిపి రాయండి అని ఆమె చేత ఒకసారి కొట్టించాను. ప్లాస్టరు ఆమే పీకేశారు. మరుసటి వారం నుంచి తన వార్డులో మిగతావాళ్లకు ఆమే నేర్పారు.

పాస్‌వర్డ్ టికెట్లు డెస్క్ మొత్తానికి నెలకు 140 నుంచి 45కు తగ్గాయి. ఇదంతా శిక్షణ ఫలితమేనని చెప్పను. 45 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న నిబంధనను, నా టికెట్ లెక్కలు చూశాక, 180 రోజులకు పెంచారు. రెండూ కలిసి పనిచేశాయి.

మోసపు మెయిళ్ల మీద అవగాహనకు 310 మందికి పరీక్ష మెయిల్ పంపాం. పీఎఫ్ ఖాతా ఆగిపోతుందని, వెంటనే లింకు నొక్కమని రాశాం. తొలిసారి 71 మంది నొక్కారు. వారికి విడిగా, పేర్లు బయటపెట్టకుండా తరగతి పెట్టాను. ఆరు నెలల తర్వాత ఇంకో మెయిల్ పంపితే 19 మంది నొక్కారు. అనుమానం వచ్చిన మెయిల్‌ను డెస్క్‌కు పంపేవాళ్లు పెరగడం నాకు అంతకంటే పెద్ద మార్పు.

తెలుగులో, తెర బొమ్మలతో, ఒక్క పేజీ దాటని 18 సూచన పత్రాలు రాశాను. ప్రింటర్ల పక్కన అతికించి ఉంటాయి. "ఫోన్ చేసే ముందు ఈ మూడూ చూడండి" అన్నది అన్నిటికంటే ఎక్కువ నలిగింది.

వాడే సాధనాలు

రోజువారీ: టికెట్లకు జీఎల్‌పీఐ, దూరం నుంచి చూడటానికి ఎనీడెస్క్, రిమోట్ డెస్క్‌టాప్, ఖాతాలకు యాక్టివ్ డైరెక్టరీ, గ్రూప్ పాలసీ, మెయిళ్లకు మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్. కంప్యూటర్ ఇమేజింగ్‌కు క్లోన్‌జిల్లా, డిస్క్ ఆరోగ్యానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, నివేదికలకు ఎక్సెల్ పివట్ టేబుళ్లు. సంచిలో ఎప్పుడూ క్రింపింగ్ టూల్, లాన్ టెస్టర్, మల్టీమీటర్ ఉంటాయి. పవర్‌షెల్ అవసరమైనంత వచ్చు. ప్రింటర్ టికెట్లలో రోజూ చేత్తో చేసే ఈ పనిని బ్యాచ్ ఫైలుగా చేసి, షిఫ్టులో ఉన్న టెక్నీషియన్ అడ్మిన్ ఖాతాతో ఒక్క క్లిక్‌తో నడిపేలా పెట్టాను:

```
net stop spooler
del /Q %systemroot%\System32\spool\PRINTERS\*.*
net start spooler
```

లినక్స్ సర్వర్లలో లాగ్ చూడటం, సర్వీసు మళ్లీ మొదలుపెట్టడం వరకే వచ్చు. మ్యాక్ కంప్యూటర్లతో పని చాలా తక్కువ.

అంతకు ముందు

*ల్యాబ్, సిస్టమ్స్ టెక్నీషియన్, నంద్యాలలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ, 2019 ఆగస్టు – 2022 మే.* ఐదు ల్యాబులు, 300 కంప్యూటర్లు. చేరినప్పుడు ఫిర్యాదులన్నీ నోటుపుస్తకంలో రాసేవారు. పాత డెస్క్‌టాప్ ఒకదాని మీద ఓఎస్‌టికెట్ పెట్టి 2021 జనవరి నుంచి నడిపాను. 17 నెలల్లో 2,900 టికెట్లు నమోదయ్యాయి. అంతకు ముందువాటికి నమ్మదగిన లెక్క లేదు, అందుకే ఇక్కడ చూపించలేదు. 2020 లాక్‌డౌన్‌లో అధ్యాపకులకు ఆన్‌లైన్ క్లాసులు చెప్పడం ఫోన్‌లోనే నేర్పాను. మ్యూట్ ఎక్కడుందో ఒకే సారుకు పద్నాలుగు సార్లు చెప్పిన ఓపిక అక్కడే అబ్బింది. ఆఫీసులో అను ఫాంట్లలో ఉన్న పాత తెలుగు ఫైళ్లను యూనికోడ్‌కు మార్చడం, సిబ్బందికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పడం కూడా చేశాను.

*సర్వీస్ టెక్నీషియన్, కర్నూలులో ఒక కంప్యూటర్ల దుకాణం, 2017 జూలై – 2019 జూలై.* అసెంబ్లింగ్, ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ మరమ్మతులు. ఆదోని, ఎమ్మిగనూరు, డోన్ దాకా బండి మీద వెళ్లి చేసిన ఫీల్డ్ సర్వీస్.

చదువు, సర్టిఫికెట్లు

కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమా, నంద్యాల ప్రభుత్వ పాలిటెక్నిక్, 2017. బీసీఏ, ఇగ్నో, 2022. కాంప్‌టియా ఏ+, 2023. ఐటిల్ 4 ఫౌండేషన్, 2024.

ఇతర వివరాలు

తెలుగు, ఇంగ్లిష్ రాయడం, మాట్లాడటం. ఉర్దూ ధారాళంగా మాట్లాడతాను. ఆదోని వైపు తిరిగిన రోజుల వల్ల కన్నడ పని జరిగేంత వచ్చు. రాత్రి షిఫ్టులకు, అనంతపురం, ప్రొద్దుటూరు వంటి చోట్లకు ప్రయాణాలకు అభ్యంతరం లేదు. టూ వీలర్ లైసెన్సు ఉంది.

నోటీసు కాలం 30 రోజులు. టికెట్ నివేదికలను వాడకందారుల పేర్లు తీసేసి ఇంటర్వ్యూకు తెస్తాను. పాత ఉద్యోగాల్లో నాపై అధికారులు ఇద్దరు నా గురించి మాట్లాడటానికి ఒప్పుకున్నారు, వారి నంబర్లు అప్పుడే ఇస్తాను.